నడిస్తే ఆగిపోయే వీడియో కాల్

మా టీమ్‌కి రోజూ ఉదయం పదింటికి క్లయింట్‌తో వీడియో కాల్. నా సీటు దగ్గర గోల ఎక్కువ కాబట్టి కాల్‌లో జాయిన్ అయ్యాక, లాప్‌టాప్ చేతిలో పట్టుకుని ఫ్లోర్ అటు చివరనున్న మీటింగ్ రూమ్‌కి నడిచేవాణ్ని. మధ్యలో ఓ గాజు తలుపు ఉంది. అది దాటగానే తెరమీద అందరూ బొమ్మల్లా బిగుసుకుపోయేవారు. నాలుగు సెకన్ల తర్వాత ఎవరో ఒకరు ‘మళ్లీ చెప్తారా?’ అనేవారు. రెండు వారాలకి క్లయింట్ తన వీక్లీ రిపోర్టులో ఈ సంగతి రాసేశారు. దాంతో మా మేనేజర్‌ గారు ‘కాల్ అయ్యేదాకా ఎవరూ సీట్లోంచి లేవొద్దు’ అని హుకుం జారీ చేశారు.

నేను కోడ్ రాసేవాణ్ని, నెట్‌వర్క్ నా పని కాదు. కానీ పొరపాటు నా వైఫైదే అన్నట్టు అందరూ చూస్తుంటే ఊరుకోలేకపోయాను.

కంప్లయింట్ పెడితే నెట్‌వర్క్ టీమ్ నుంచి ఒకాయన మధ్యాహ్నం మూడింటికి వచ్చారు. నా లాప్‌టాప్ తీసుకుని ఆ గాజు తలుపు గుండా అటూ ఇటూ నాలుగుసార్లు నడిచారు. ఒక్కసారీ ఆగలేదు. ‘బాబూ, మీ వీపీఎన్ చూసుకోండి’ అని వెళ్లిపోయారు. ఆయన్నీ తప్పు పట్టలేం. ఎందుకంటే ఆ సమయానికి రోగం నిజంగానే కనబడదు. పొద్దున మొదటిసారి నడిచినప్పుడే కాల్ ఆగుతుంది, తిరిగి వచ్చేటప్పుడు ఆగదు, ఆ తర్వాత రోజంతా ఎన్నిసార్లు నడిచినా ఆగదు. ఇది గమనించడానికి నాకే పది రోజులు పట్టింది.

పెద్ద ఆఫీసులో వైఫై ఒకే పేరుతో కనిపించినా, వెనకాల సీలింగ్‌లో పదుల కొద్దీ యాక్సెస్ పాయింట్లు ఉంటాయి. మనం నడుస్తుంటే లాప్‌టాప్ ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకోవాలి. దీన్నే రోమింగ్ అంటారు. ఎప్పుడు మారాలో నిర్ణయించేది యాక్సెస్ పాయింట్ కాదు, మన చేతిలోని పరికరమే. ఉదాహరణకి, సిగ్నల్ మైనస్ 70 డీబీఎం కంటే పడిపోతేనే ఐఫోన్ కొత్తదాని కోసం వెతకడం మొదలుపెడుతుంది. మా గాజు తలుపు దగ్గర జరుగుతున్నది ఈ మార్పిడే.

అయితే మారడానికి అంతసేపు ఎందుకు? నా లాప్‌టాప్‌లో లినక్స్ ఉంది కాబట్టి చూడటం తేలికైంది. ఓ విండోలో ఆఫీసు గేట్‌వేకి `ping -i 0.2` నడిపి, అంటే సెకనుకి ఐదు పలకరింపులు పంపుతూ, ఉదయం రాగానే అదే దారిలో నడిచాను. తలుపు దాటగానే వరసగా పన్నెండు పలకరింపులకి జవాబు రాలేదు. అంటే దాదాపు 2.4 సెకన్లు. అదే సమయంలో వైఫై లాగ్‌లో ఇవి కనిపించాయి:

```
CTRL-EVENT-EAP-STARTED EAP authentication started
CTRL-EVENT-EAP-SUCCESS EAP authentication completed successfully
```

ఈ రెండు లైన్ల మధ్య తేడాయే 2.2 సెకన్లు. అంటే రేడియో మారడం ఆలస్యం కాదు. కొత్త యాక్సెస్ పాయింట్ ‘నువ్వెవరు?’ అని అడిగి, నా లాగిన్ మొదటినుంచీ తనిఖీ చేయడమే ఆలస్యం. ఆ తనిఖీ చేసే రేడియస్ సర్వర్ ఎక్కడుందని అదే నెట్‌వర్క్ ఆయన్ని అడిగాను. యూరప్‌లో, మా హెడ్డాఫీసు డేటా సెంటర్‌లో ఉందట. అక్కడికి వెళ్లి రావడానికి ఒక్కో మాటకి 180 మిల్లీసెకన్లు. తనిఖీకి పన్నెండు మాటలు నడిచాయి. 12 × 180 = 2160 మిల్లీసెకన్లు. లెక్క సరిగ్గా కుదిరింది.

గేటెడ్ కమ్యూనిటీలో ప్రతి బ్లాక్ దగ్గరా వాచ్‌మన్ ఆపి, అమెరికాలో ఉన్న ఫ్లాట్ ఓనర్‌కి ఫోన్ చేసి అడిగినట్టన్నమాట. ఒకసారి లోపలికి పంపాక ఆ వాచ్‌మన్ మొహం గుర్తుపెట్టుకుంటాడు. వైఫై కూడా అంతే. ఒకసారి తనిఖీ చేసిన యాక్సెస్ పాయింట్, మన పరికరం కలిసి ఆ తాళాన్ని కొన్ని గంటలపాటు దాచుకుంటాయి. అందుకే తిరుగు నడకలో ఆగలేదు, మధ్యాహ్నం పరీక్షలో దొరకలేదు. నేను సాయంత్రం లాప్‌టాప్ ఆఫ్ చేస్తే దాని జ్ఞాపకం పోతుంది, పొద్దున మళ్లీ మొదలు.

కాల్ మాత్రం రెండు సెకన్లకి బదులు నాలుగు ఎందుకు ఆగుతోందంటే, వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. ముందు ఫ్రేముకీ దీనికీ తేడా మాత్రమే వస్తుంది. మధ్యలో ముక్కలు పోతే, అవతలివాళ్లు కొత్తగా పూర్తి బొమ్మ అడిగి తెప్పించుకునేదాకా తెర కదలదు. ఓ యాభై మిల్లీసెకన్ల ఖాళీ అయితే మనకి తెలియనే తెలియదు.

దీనికి మందు కొత్తదేం కాదు. 2008లోనే వచ్చిన 802.11ఆర్ అనే ప్రమాణం. ఉదయం మొదటి లాగిన్ అప్పుడే ఒక మూల తాళం తయారవుతుంది. దాన్నుంచి ఒక్కో యాక్సెస్ పాయింట్‌కి ఒక్కో పిల్ల తాళం పుట్టించి కంట్రోలర్ ఇస్తుంది. మెయిన్ గేట్ దగ్గర రాసిచ్చిన స్లిప్పుని అన్ని బ్లాకుల వాచ్‌మన్లూ ఒప్పుకున్నట్టు. నడిచి వెళ్లినప్పుడు లాప్‌టాప్‌కీ కొత్త యాక్సెస్ పాయింట్‌కీ మధ్య నాలుగే సందేశాలు. యూరప్ ఊసే ఉండదు.

నా లెక్కంతా చూపించాక నెట్‌వర్క్ ఆయన ఆ రాత్రే సెట్టింగ్ ఆన్ చేశారు. మర్నాడు ఉదయం `wpa_cli status` కొడితే `key_mgmt=FT-EAP` అని వచ్చింది. కొత్త పద్ధతి పట్టుకుందని అదే గుర్తు. నడిచాను. ఒక్క పలకరింపు పోయింది, లాగ్‌లో తనిఖీ లైన్లు లేవు. కాల్‌లో ఎవరూ ఏమీ అడగలేదు.

పదకొండింటికి కింద స్టోర్స్ నుంచి ఫోన్: లేబుల్ ప్రింటర్లు వైఫైకి ఎక్కట్లేదు. పాత పరికరాల్లో కొన్నింటికి ఈ కొత్త పద్ధతి పేరే అర్థం కాదు. పాత పద్ధతి కూడా పక్కనే ఉంచినా, ప్రకటనలో తెలియని మాట కనిపించగానే ఆ నెట్‌వర్క్‌నే వద్దనుకుంటాయి. నెట్‌వర్క్ ఆయన ముందు నన్ను ఓ చూపు చూసి, తర్వాత సెట్టింగ్ తీసేశారు. ఆ వారమంతా నా కాల్స్ మళ్లీ ఆగాయి. చివరికి ప్రింటర్లకి వేరే పేరుతో పాత తరహా వైఫై ఒకటి పెట్టి, మా దానికి 802.11ఆర్ తిరిగి ఆన్ చేశారు. ఇది మొదటే చేసుండాల్సింది. పాత పరికరాల జాబితా అడగాలని నాకు తట్టలేదు, నా తప్పే.

ఇప్పుడు మా ఫ్లోర్‌లో ఎటు నడిచినా కాల్ ఆగట్లేదు. మెట్లెక్కి పై ఫ్లోర్‌కి వెళ్తే మాత్రం ఆగుతోంది. అక్కడ వేరే వీలాన్, వేరే ఐపీ అడ్రస్. తాళం ఎంత త్వరగా తెరుచుకున్నా అడ్రస్ మారితే కాల్ యాప్ దారి కొత్తగా వెతుక్కోవాల్సిందే. దానికి ఇంకో టికెట్ పెట్టాను. నాలుగు వారాలైంది, ఓపెన్‌లోనే ఉంది. సీట్లోంచి లేవొద్దన్న మా మేనేజర్‌ గారి మెయిల్ కూడా ఇంకా అమల్లోనే ఉంది.