సూట్‌కేస్ పగిలిందా? ఏడు రోజుల్లోపే ఉత్తరం రాయండి

నిరుడు మే నెలలో మా పిన్ని కొడుకు జర్మనీ నుంచి నూజివీడు వచ్చాడు. అక్కడ ఎంఎస్ చదువుతున్నాడు. రెండేళ్ల తర్వాత ఇంటికి రావడం అదే మొదలు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి గన్నవరం. మొత్తం ఒకే టికెట్, ఒకే ఎయిర్‌లైన్. గన్నవరంలో బెల్టు మీదికి వచ్చిన సూట్‌కేస్‌కు ఒక చక్రం లేదు. ఆ మూల నుంచి పైదాకా జానెడు పగులు. కౌంటర్‌లో చెబితే వివరాలు రాసుకుని ఒక కాగితం చేతిలో పెట్టారు.

మావాడు ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు. అది సోమవారం. ఇంట్లో చూస్తే మామిడి కోతల హడావుడి. బాబాయి తెల్లారకముందే తోటకు వెళ్తున్నాడు, వీడూ వెంట వెళ్తున్నాడు. ‘కంప్లయింట్ ఇచ్చేశా కదా, వాళ్లే ఫోన్ చేస్తార్లే’ అనుకున్నాడు. నేను రసాలు తిందామని శనివారం వెళ్లేసరికి ఆ సూట్‌కేస్ వరండాలో ఓ మూల పడి ఉంది. పిన్ని దాంట్లో పాత దుప్పట్లు సర్దుతోంది.

సంగతి విని నేను మొదట అడిగింది ఒక్కటే. ‘మెయిల్ పెట్టావా?’ పెట్టలేదు. అంటే చేతిలో ఇంకా రెండు రోజులే ఉన్నాయి.

ఆ కాగితం కథ వేరు

గన్నవరంలో ఇచ్చిన కాగితాన్ని ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్ట్ అంటారు. పొట్టిగా పీఐఆర్. దాని మీద పది అక్షరాలూ అంకెలూ కలిసిన నంబరు ఉంటుంది. మొదటి మూడు అక్షరాలు ఎయిర్‌పోర్ట్ కోడ్ (మన విజయవాడకైతే VGA), తర్వాత రెండు ఎయిర్‌లైన్ కోడ్, మిగతా ఐదు అంకెలు మీ కేసువి. సామాను దెబ్బతిన్న సంగతి ఎయిర్‌పోర్ట్‌లోనే వాళ్ల దృష్టికి వచ్చిందనడానికి ఇది గట్టి ఆధారం. కానీ చాలా ఎయిర్‌లైన్స్ దీన్ని రిపోర్ట్‌గానే చూస్తాయి, పరిహారం అడిగినట్టు లెక్కేయవు. అందుకే ఉత్తరం వేరుగా రాయాలి.

అది ఎప్పట్లోగా రాయాలో చెప్పేది మాంట్రియల్ ఒప్పందం. 1999 నాటి ఈ అంతర్జాతీయ ఒప్పందంలో మన దేశం 2009లో చేరింది. దాని ఆర్టికల్ 31 ప్రకారం, చెకిన్ చేసిన సామాను దెబ్బతింటే, అది మీ చేతికొచ్చిన రోజు నుంచి ఏడు రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అవి క్యాలెండర్ రోజులు. మధ్యలో ఆదివారం వచ్చినా, పండగ వచ్చినా లెక్కలోకి వస్తాయి. గడువు దాటితే, ఎయిర్‌లైన్ మోసం చేసిందని చూపించగలిగితే తప్ప, తర్వాత కేసు వేసే హక్కు కూడా పోతుంది.

ఇదంతా చెబుతుంటే బాబాయి విని ఒక్క మాటలో తేల్చేశాడు. ‘మచ్చ కాయ సంగతి కాటా దగ్గరే చెప్పాలిరా. సరుకు ఎత్తుకెళ్లి వారం పోయాక చెబితే ఎవడు వింటాడు?’

విననిదానికి ప్రపంచమంతా చూసిన ఉదాహరణ ఉంది. 2008లో కెనడా గాయకుడు డేవ్ కారల్ యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌లో వెళ్తే ఆయన గిటార్ విరిగింది. రిపేరుకు 1,200 డాలర్లయింది. తాము పెట్టిన 24 గంటల గడువులో క్లెయిమ్ రాలేదని కంపెనీ డబ్బు ఇవ్వనంది. ఆయన 2009లో దాని మీద పాట కట్టి యూట్యూబ్‌లో పెడితే లక్షల మంది చూశారు. పాట కట్టడం మనందరి వల్లా కాదు. మెయిల్ పెట్టడం అవుతుంది.

ఎంత అడగాలి?

శనివారం రాత్రి మావాడు రాసిన మొదటి మెయిల్ చూస్తే నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. రెండు పేజీల కోపం. ‘మీ సిబ్బందికి సిగ్గుందా’తో మొదలై, ‘మానసిక వేదనకు కలిపి రెండు లక్షలు ఇవ్వాలి’తో ముగిసింది. ట్యాగ్ నంబరు మాత్రం ఎక్కడా లేదు.

రెండు లక్షల లెక్క ఎక్కడిదంటే, నెట్‌లో ‘1,519 ఎస్‌డీఆర్’ అని చూశాడట. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కలకు వాడే యూనిట్. 2024 డిసెంబర్ 28 నుంచి మాంట్రియల్ ఒప్పందంలో సామానుకు ఒక్కో ప్రయాణికుడికి పరిమితి 1,519 ఎస్‌డీఆర్. మన రూపాయల్లో లక్షన్నర పైమాటే. అయితే అది గరిష్ఠ పరిమితి, అందరికీ ఇచ్చే రేటు కాదు. మీకు నిజంగా ఎంత నష్టం జరిగిందో అంతే వస్తుంది. శిక్షగా ఇంత కట్టమని అడగడానికి ఆ ఒప్పందంలో చోటు లేదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. పూర్తిగా దేశంలోనే తిరిగే ప్రయాణానికి సామాను పరిమితి 20,000 రూపాయలు. మావాడి ఢిల్లీ–గన్నవరం విమానం దేశంలోదే అయినా, జర్మనీ నుంచి ఒకే టికెట్ కాబట్టి మొత్తం అంతర్జాతీయ ప్రయాణం కిందికే వస్తుంది. ఢిల్లీ నుంచి విడిగా టికెట్ కొని ఉంటే లెక్క మారేది.

మరి నిజమైన నష్టం ఎంత? సూట్‌కేస్ రెండేళ్ల కిందట ఆన్‌లైన్‌లో 109 యూరోలకు కొన్నాడు. సుమారు పదివేల రూపాయలు. బిల్లు లేదన్నాడు కానీ మెయిల్‌లో వెతికితే ఆర్డర్ కన్ఫర్మేషన్ దొరికింది. ఆదివారం పొద్దున్నే విజయవాడ బీసెంట్ రోడ్డుకు వెళ్లి ఒక బ్యాగుల షాపులో చూపించాం. ‘డొప్ప పగిలింది, రిపేరు కుదరదు. ఇదే సైజు కొత్తది 8,500’ అని షాపు బిల్లు కాగితం మీద రాయించుకున్నాం. రెండేళ్లు వాడిన వస్తువు కాబట్టి కొత్త ధర మొత్తం అడగలేదు. 7,000 అడిగాం.

లోపల పిన్ని కోసం తెచ్చిన గాజు కాఫీ జగ్గు కూడా పగిలింది. దాన్ని వదిలేశాం. వస్తువుకు సహజంగా ఉన్న గుణం వల్ల జరిగిన నష్టానికి తమ బాధ్యత లేదని చెప్పే వీలు ఎయిర్‌లైన్‌కు ఉంది. సూట్‌కేస్‌లో పెట్టిన గాజు వస్తువు మీద వాదన అక్కడే మొదలవుతుంది. దాంతో అసలు క్లెయిమ్ కూడా నలుగుతుంది.

పంపిన ఉత్తరం

ఆదివారం సాయంత్రం ఇంగ్లిష్‌లో పంపిన మెయిల్ తెలుగులో ఇలా ఉంటుంది. ఖాళీల్లో మీ వివరాలు వేసుకోండి.

*విషయం: చెకిన్ సామాను దెబ్బతినడంపై ఫిర్యాదు, పరిహారం కోసం అభ్యర్థన – పీఐఆర్ నంబరు ……*

*అయ్యా / అమ్మా,*

*నేను …… తేదీన మీ …… నంబరు విమానాల్లో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఢిల్లీ మీదుగా విజయవాడకు ప్రయాణించాను. పీఎన్ఆర్ ……, బ్యాగేజ్ ట్యాగ్ నంబరు …….*

*విజయవాడలో సూట్‌కేస్ అందేసరికి దాని డొప్ప మూల నుంచి సుమారు 20 సెంటీమీటర్లు పగిలి ఉంది. ఒక చక్రం ఊడిపోయింది. అదే రోజు మీ కౌంటర్‌లో రిపోర్ట్ చేశాను. ఢిల్లీలో కస్టమ్స్ తర్వాత తిరిగి అప్పగించినప్పుడు సూట్‌కేస్ బాగానే ఉంది.*

*ఇది మాంట్రియల్ ఒప్పందం ఆర్టికల్ 31 కింద, గడువులోపు ఇస్తున్న రాతపూర్వక ఫిర్యాదు. ఆర్టికల్ 17 ప్రకారం ఈ నష్టానికి 7,000 రూపాయలు చెల్లించమని కోరుతున్నాను. కొన్న ధర, రిపేరు కుదరదన్న షాపు రాత జతచేశాను. వాడకాన్ని తగ్గించి ఈ మొత్తం అడుగుతున్నాను.*

*జతచేసినవి: బోర్డింగ్ పాస్, ట్యాగ్, పీఐఆర్, నాలుగు ఫొటోలు, ఆర్డర్ మెయిల్, షాపు రాత. సూట్‌కేస్ నా దగ్గరే ఉంది, పరిశీలించుకోవచ్చు. 30 రోజుల్లోపు జవాబు ఇవ్వగలరు.*

ఇంతే. కోపం ఒక్క లైను కూడా లేదు. చదివే ఉద్యోగికి కావాల్సిన నంబర్లన్నీ మొదటి పేరాలోనే ఉన్నాయి. ఫొటోల్లో ఒకదాంట్లో ట్యాగూ పగులూ కలిసి కనబడాలి. లేకపోతే అది ఎవరి సూట్‌కేసో అని అడుగుతారు. వెబ్‌సైట్‌లో ఫారం ఉంటే అదీ నింపి, కేసు నంబరు స్క్రీన్‌షాట్ తీసుకోండి. మెయిల్ కూడా పంపండి, తేదీ దాని మీదే నిలబడుతుంది. పగిలిన సూట్‌కేస్‌ను మాత్రం పారేయకండి. పిన్ని దుప్పట్లు బయటకు తీయాల్సి వచ్చింది.

జవాబు వచ్చాక

మూడు వారాలకు జవాబు వచ్చింది. ‘చక్రాలు అరగడం మామూలే, దానికి బాధ్యత లేదు. అయినా 3,000 రూపాయల ట్రావెల్ వోచర్ ఇస్తాం. అంగీకరిస్తే ఇదే తుది పరిష్కారం.’ మావాడు బటన్ నొక్కబోయాడు. ‘తుది పరిష్కారం’ అన్న మాటకు ఒప్పుకుంటే ఇక అడగడానికేమీ మిగలదు.

గీతలు, చిన్న సొట్టలు, మట్టి మామూలు వాడకంలో భాగమే. వాటికి అడగడం దండగ. డొప్ప పగలడం అలా కాదు. అందుకే నాలుగు లైన్ల మెయిల్ పెట్టాం. ‘నా క్లెయిమ్ పగిలిన డొప్ప గురించి. బాధ్యతను తప్పించే కంపెనీ షరతులు ఆర్టికల్ 26 ప్రకారం చెల్లవు. వోచర్ వద్దు, బ్యాంకు ఖాతాకు చెల్లించండి.’ పది రోజులకు 6,000 ఇస్తామన్నారు. మావాడు ఒప్పుకున్నాడు. వెయ్యి కోసం నెలలు తిరిగే కంటే అది నయం అనిపించింది.

వాళ్లు అసలు జవాబే ఇవ్వకపోతే? విమానయాన శాఖ ఎయిర్‌సేవ పోర్టల్‌లో మీ మెయిల్ జతచేసి ఫిర్యాదు పెట్టండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. టికెట్‌కు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపుంటే ఫీజు ఉండదు. కేసు వేయడానికి గడువు విమానం దిగిన రోజు నుంచి రెండేళ్లు. మెయిళ్లు నడుస్తున్నాయని ఆ గడువు ఆగదు.

సెప్టెంబర్‌లో మావాడు తిరిగి వెళ్లేటప్పుడు కొత్త సూట్‌కేస్ నిండా ఆవకాయ డబ్బాలే. గన్నవరంలో కౌంటర్ దగ్గర బెల్టు మీద పెట్టేముందు నాలుగు పక్కలా ఫొటో తీశాడు. ట్యాగ్ కట్టాక ఇంకోటి తీసి నాకు పంపాడు. కింద రాశాడు: ‘అన్నయ్యా, కాటా దగ్గర సరుకు బాగానే ఉంది.’