దిద్ది చేతికిచ్చే కామెంట్

"విద్యార్ధులు" అని ఉన్నచోట "విద్యార్థులు" అని ఉండాలి. ఈ రెండు మాటల మధ్య తేడా మీకు మొదటి చూపులోనే దొరికితే మీ కళ్లు బాగున్నట్టే. తేడా అంతా ఒక చుక్కలో ఉంది. కంప్యూటర్ తెర మీద, చిన్న అక్షరాల్లో, ఒత్తు కింద దాక్కున్న చుక్క అది.

ఒక ఊరి గ్రంథాలయం కోసం ఒక అమ్మాయి చిన్న ప్రోగ్రామ్ రాస్తోందనుకుందాం. తను రాసిన మార్పులను గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్‌గా పెట్టింది. అంటే, "ఇవీ నా మార్పులు, ఒకసారి చూసి కలుపుకోండి" అని అడగడం. చూసే సీనియర్‌కి ఈ ఒత్తు కనబడింది. "ఇక్కడ థ ఒత్తు రావాలమ్మా" అని కామెంట్ పెట్టాడు. ఆమె తన కంప్యూటర్లో ఆ ఫైల్ తెరవాలి, ఆ మాటను వెతకాలి, ఒత్తు మార్చాలి, సేవ్ చేయాలి, కమిట్ చేయాలి, పైకి పంపాలి, తిరిగొచ్చి "మార్చాను సార్" అని రాయాలి. ఒక్క చుక్క కోసం ఇంత తిరుగుడు. పైగా ఆమె మార్చింది సరిగా మారిందో లేదో ఆయన మళ్లీ చూడాలి.

అచ్చు యంత్రాల కాలంలో ప్రూఫులు దిద్దినవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. మార్జిన్‌లో గుర్తు పెట్టేది ఒకరు, సీసపు అక్షరం తీసి మార్చేది కంపోజిటర్. ఒక తప్పు దిద్దబోయి పక్క అక్షరం ఊడిందేమోనని రెండో ప్రూఫ్ తీసేవాళ్లు. మధ్యలో ఆ రెండో చెయ్యి లేకుండా, దిద్దినవాడి అక్షరమే నేరుగా పేజీలోకి వెళ్లిపోతే? గిట్‌హబ్ 2018 అక్టోబరులో తెచ్చిన సౌకర్యం సరిగ్గా ఇదే. గిట్‌ల్యాబ్ కూడా అదే ఏడాది చివర్లో తెచ్చింది.

పద్ధతి తేలిక. చూసే మనిషి `Files changed` అనే పేజీలో ఆ లైన్ పక్కన వచ్చే ప్లస్ గుర్తు నొక్కుతాడు. కామెంట్ పెట్టె తెరుచుకుంటుంది. దాని పైన కూడిక, తీసివేత గుర్తులున్న కాగితం బొమ్మ ఒకటి ఉంటుంది. అది నొక్కితే ఉన్న లైన్ యథాతథంగా పెట్టెలోకి వచ్చి వాలుతుంది. అక్కడే దాన్ని దిద్దాలి. రాసిన అమ్మాయికి పాత లైన్ ఎర్రగా, కొత్తది పచ్చగా కనిపిస్తాయి. మారిన చోటు మరింత ముదురు రంగులో ఉంటుంది. కింద `Commit suggestion` అనే బటన్. నొక్కితే అయిపోయింది.

ఒత్తుల సంగతి సరే, లెక్కల్లో ఇదెలా పనిచేస్తుందో చూద్దాం. గ్రంథాలయం నియమం ఇది: పుస్తకం 14 రోజులు ఉంచుకోవచ్చు, 15వ రోజు నుంచి రోజుకు రూపాయి జరిమానా. ఆ అమ్మాయి ఇలా రాసింది:

```python
def late_fee(d):
    if d > 15:
        return d - 14
    return 0
```

16వ రోజు తెస్తే 2 రూపాయలు, సరిగానే ఉంది. 15వ రోజు తెస్తే మాత్రం సున్నా. 15 కంటే ఎక్కువైతేనే జరిమానా అని రాసింది కాబట్టి ఆ ఒక్క రోజు తప్పించుకుపోతోంది. దీన్ని మాటల్లో చెప్పబోతే "15 కాదు 14 ఉండాలి" అంటే చాలనిపిస్తుంది. కానీ మూడో లైన్‌లో ఇప్పటికే ఒక 14 ఉంది. ఏ 14 గురించి అంటున్నారో తెలియక ఆమె దాన్ని కూడా కదిలిస్తే కథ మొదటికొస్తుంది. అందుకే సీనియర్ ఆ లైన్ తానే రాసి పెట్టాడు:

````
15వ రోజు జరిమానా పడటం లేదు.
```suggestion
    if d > 14:
```
````

పైన ఒక వాక్యం రాశాడు చూడండి. అది లేకుండా ఉత్త లైన్ పెడితే ఆమె నొక్కుతుంది కానీ ఎందుకు నొక్కిందో తెలియదు. లైన్ ముందున్న నాలుగు ఖాళీలనూ గమనించండి. సూచన అంటే అక్షరం మార్చడం కాదు, లైన్ మొత్తాన్ని తీసి కొత్తది పెట్టడం. పైథాన్‌లో ఆ ఖాళీలు చెరిగిపోతే ప్రోగ్రామే నడవదు. దిద్దేవాడు చేసిన పొరపాటు కూడా అంతే నేరుగా లోపలికి వెళ్తుంది.

నేను ఇక్కడే కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఆ సీనియర్‌కి `d` అనే పేరు నచ్చలేదు. `days` అంటే చదివేవాళ్లకు తెలుస్తుంది కదా అని మొదటి లైన్ మీద మరో సూచన పెట్టాడు: `def late_fee(days):`. మంచి సలహానే. ఆమె సంతోషంగా నొక్కింది. కింది రెండు లైన్లలో `d` అలాగే ఉండిపోయింది. ప్రోగ్రామ్ నడిపితే వచ్చేది ఇది:

```
NameError: name 'd' is not defined
```

ఎక్కడ బెడిసికొట్టిందంటే, సూచనకు కనిపించేది తన లైన్ ఒక్కటే. బటన్ నొక్కేముందు దాన్ని ఎవరూ నడిపి చూడరు. దిద్దినాయన కామెంట్ పెట్టెలో టైప్ చేశాడు, అంతే. ప్రాజెక్టుకు ఆటోమేటిక్ పరీక్షలు పెట్టుకుని ఉంటే కమిట్ అయ్యాక అవి నడిచి ఎర్ర గుర్తు చూపిస్తాయి. లేకపోతే గ్రంథాలయం కౌంటర్ దగ్గర తెలుస్తుంది. ఆయన చేయాల్సిందేమిటంటే, మొదటి లైన్ దగ్గర ప్లస్ పట్టుకుని మూడో లైన్ దాకా లాగి, మూడూ కలిపి ఒకే సూచనగా రాయడం. ఆ పేరు ఇంకో పది చోట్ల ఉంటే, లేదా ఈ పుల్ రిక్వెస్ట్‌లో చూపించని భాగంలో ఉంటే సూచన పనికిరాదు. అప్పుడు మాటల్లోనే చెప్పి, ఆమె కంప్యూటర్లో ఆమె చేతే మార్పించాలి.

సూచనలు ఆరేడు ఉంటే ఒక్కొక్కటే నొక్కుతూ పోతే ఆరేడు కమిట్లు పడతాయి, చరిత్రంతా చిల్లర చిల్లరగా తయారవుతుంది. `Add suggestion to batch` నొక్కి అన్నీ పోగేసి ఒకే కమిట్‌గా వేసుకోవచ్చు. ఒకే లైన్ మీద రెండు సూచనలుంటే మాత్రం వాటిలో ఒకదాన్నే తీసుకోవాలి. ఈలోగా ఆమె ఆ లైన్‌ను తనే మార్చేస్తే, పాత సూచనకు కాలం చెల్లుతుంది. కమిట్‌లో దిద్దినవాడి పేరు `Co-authored-by` అని చేరుతుంది. ప్రూఫ్ రీడర్ పేరు ఏ పుస్తకం అట్ట మీదా చూడని మనకు ఇదో ముచ్చట.

కొన్ని బృందాల్లో ఇంకో మెలిక ఉంది. సీనియర్ "బాగుంది" అని ఆమోదించి, రెండు చిన్న సూచనలు కూడా పెడతాడు. ఆమె వాటిని ఒప్పుకోగానే అది కొత్త కమిట్ కిందికి వస్తుంది. కొత్త కమిట్ వస్తే పాత ఆమోదం రద్దు కావాలని అక్కడ నియమం పెట్టుకుని ఉంటే, ఆయన చెప్పిన మార్పు చేసినందుకే ఆయన ఆమోదం ఎగిరిపోతుంది. మళ్లీ ఆయన్నే వెతుక్కోవాలి.

కొత్తవాళ్లను కంగారుపెట్టేది చివర్లో వస్తుంది. బటన్ నొక్కినప్పుడు మార్పు పడేది గిట్‌హబ్‌లో ఉన్న ప్రతిలో; ఆమె కంప్యూటర్లో ఇంకా పాతదే ఉంటుంది. ఆ సంగతి మరిచి ఆమె ఇంకో మార్పు చేసి పంపబోతే తెర మీద ఇలా వస్తుంది:

```
! [rejected]  late-fee -> late-fee (fetch first)
```

పోయిందేమీ లేదు. ముందు `git pull --rebase` అని కొట్టి, ఒప్పుకున్న దిద్దుబాట్లను కిందికి తెచ్చుకుని, ఆ తర్వాత పంపితే సరిపోతుంది. ఇక్కడ భయపడి `git push --force` కొట్టారంటే, ఇందాక ఒక్క నొక్కుతో వచ్చిన చుక్క ఒక్క దెబ్బతో పోయి, "విద్యార్ధులు" మళ్లీ వచ్చి కూర్చుంటుంది.