పైపు పగిలితే ఒక లెక్క, చెమ్మ ఊరితే ఇంకో లెక్క

ఇంటికి బీమా చేయించాం కదా అని ధీమాగా ఉన్నవాళ్లకు చాలాసార్లు మొదటి దెబ్బ నీళ్ల దగ్గరే తగులుతుంది. ఇల్లు కాలితే పెద్దగా వాదన ఉండదు. ఎప్పుడు కాలిందో వీధి వీధంతా చెబుతుంది. నీళ్ల సంగతి అలా కాదు. గోడ తడిసిన మాట నిజమే, పెచ్చులూడిన మాటా నిజమే. కానీ బీమా కంపెనీ మనిషి వచ్చి అడిగే మొదటి ప్రశ్న ‘ఎంత పాడైంది?’ అని కాదు, ‘ఎప్పటి నుంచి?’ అని.

ఈ ఒక్క ప్రశ్న మీదే క్లెయిమ్ నిలుస్తుంది, లేదా కూలిపోతుంది.

మన దేశంలో ఇళ్లకు ఇప్పుడు ఎక్కువగా అమ్ముతున్న పాలసీ భారత్ గృహ రక్ష. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దీన్ని 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చింది. ఏ కంపెనీ దగ్గర కొన్నా ముఖ్యమైన షరతులు ఒకటే. అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపం, వరద, అల్లర్లు అంటూ ఏయే కారణాలతో నష్టం వస్తే డబ్బిస్తారో అందులో వరసగా రాసి ఉంటుంది. ఆ వరసలోనే నీటి ట్యాంకులు, పరికరాలు, పైపులు పగలడం, పొంగిపొర్లడం కూడా ఉంది. చెమ్మ, ఊట అనే మాటలు మాత్రం ఆ వరసలో ఎక్కడా కనిపించవు. జాబితాలో ఉన్న ఘటన జరిగిందని చూపించాల్సిన బాధ్యత ఇంటివాళ్లది. పైగా ఆ ఘటన ముందుగా ఊహించలేనిదై ఉండాలని పాలసీ మొదట్లోనే చెబుతుంది.

ఊహించలేనిది అన్నదే ఇక్కడ గుట్టు. పైపు ఏ రోజున పగులుతుందో ఎవరికీ తెలియదు. వెయ్యి ఇళ్లలో ఏదో ఒకదానికి పగులుతుందని లెక్కగట్టి, ఆ ఖర్చును వెయ్యి మంది మీదా పంచడమే బీమా. పదిహేనేళ్ల నాటి స్నానాలగది టైళ్ల సందుల్లో పట్టీ పోయి గోడ చెమ్మగిల్లడం అలాంటిది కాదు. బాగు చేయించకపోతే ప్రతి ఇంట్లోనూ జరిగేదే. తప్పక జరిగే దానికి ప్రీమియం లెక్క కుదరదు. అందుకే దాన్ని కంపెనీలు ఇంటి మరమ్మతు ఖర్చుగానే చూస్తాయి. ఇందులో అన్యాయం ఉందని నాకు అనిపించదు. అన్యాయం జరిగేది ఈ రెండింటి మధ్యలో ఉండే క్లెయిముల దగ్గర.

ఒక ఫ్లాట్ ఊహించుకుందాం. కార్పెట్ ఏరియా 1,100 చదరపు అడుగులు. కట్టుబడి ఖర్చు అడుగుకు 2,200 రూపాయలు అనుకుంటే భవనానికి బీమా మొత్తం 24 లక్షల 20 వేలు అవుతుంది. స్థలం ధర ఈ లెక్కలోకి రాదు. సామాన్లకు ఈ పాలసీలో భవనం మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, దానంతట అదే రక్షణ వస్తుంది. అంటే ఇక్కడ 4 లక్షల 84 వేలు. ఇంటివాళ్లు పెళ్లికని రెండు రోజులు ఊరెళ్లారు. వాష్‌బేసిన్ కింద కుళాయికి నీళ్లు తెచ్చే కనెక్షన్ పైపు నట్టు దగ్గర తెగింది. పైన ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నీళ్లు పారాయి. వాచ్‌మన్ మళ్లీ మోటారు వేశాడు, మళ్లీ పారాయి. తిరిగొచ్చి చూస్తే పడకగదిలో చెక్క ఫ్లోరింగ్ ఉబ్బి లేచిపోయింది. వార్డ్‌రోబ్ అడుగుభాగం విచ్చుకుంది. పరుపు, సోఫా పనికిరాకుండా పోయాయి.

ఇంటాయన రాసిచ్చిన లెక్క ఇదీ: ఫ్లోరింగ్‌కు 95,000, వార్డ్‌రోబ్‌కు 42,000, పరుపు, సోఫాలకు 31,000, స్నానాలగది గోడకు ప్లాస్టరింగ్, రంగులకు 26,000, కొత్త కనెక్షన్ పైపుకు 400. మొత్తం 1,94,400.

సర్వేయర్ వచ్చాడు. మొదటి మూడింటి మీద పేచీ లేదు. కనెక్షన్ పైపు ఖర్చు కొట్టేశాడు. నీళ్ల వల్ల పాడైనదానికి డబ్బిస్తారు తప్ప, పాతబడి తెగిన పైపుకు సాధారణంగా ఇవ్వరు. స్నానాలగది గోడ దగ్గర మాత్రం అరగంట నిలబడ్డాడు. గోడ కింది భాగంలో తెల్లగా ఉప్పు పూసి ఉంది. రంగు కింద ఒకదాని బయట ఒకటిగా గోధుమరంగు వలయాలు ఉన్నాయి. సిమెంటులోని లవణాలు నీటిలో కరిగి, గోడ ఆరినప్పుడల్లా పైకి వచ్చి పేరుకుంటే ఆ తెల్లపూత వస్తుంది. తడవడం, ఆరడం, మళ్లీ తడవడం ఎన్నోసార్లు జరిగితేనే వలయాలు పడతాయి. రెండు రోజుల వరదకు ఇవేవీ రావు. ఆ 26,000 కూడా పోయింది. ఇంటాయన చేతికి వచ్చేది 1,68,000. నాకు ఇది సరైన పరిష్కారమే అనిపిస్తుంది. కానీ పాత చెమ్మ ఒక గోడకు ఉందన్న సాకుతో మొత్తం క్లెయిమే తిరగ్గొడితే అది తప్పు. ఏ నష్టం దేనివల్ల వచ్చిందో విడదీయడమే సర్వేయర్ పని.

విడదీయడానికి అతని దగ్గర ఉండే ఆధారాలు అంత గొప్ప రహస్యాలేమీ కావు. ముక్కు, కన్ను, తేమ కొలిచే చిన్న మీటరు, పగిలిన పైపు ముక్క. ప్లాస్టిక్ పైపు ఒత్తిడికి ఒక్కసారిగా చీలితే చీలిక అంచులు శుభ్రంగా ఉంటాయి. సన్నగా ఎన్నాళ్లుగానో కారుతున్నదైతే పగులు చుట్టూ సున్నంలాంటి తెల్లటి పేరుడు గట్టిపడి ఉంటుంది. ఇనుప పైపైతే తుప్పు చిల్లు చుట్టూ గడ్డకడుతుంది. చెక్క ఉబ్బితే కొత్త నీళ్లు, వేలితో నొక్కితే పొడిగా రాలితే పాత చెమ్మ. బూజు ఒక్కటే కనిపించిందని పాతదని తేల్చేస్తే మాత్రం ఒప్పుకోనక్కర్లేదు. తడిసిన చోటు ఆరకపోతే ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది. తాళం వేసిన ఇంట్లో మరీను.

ఇక అసలు చిక్కు. గోడలో దాగిన పైపు సన్నగా కారుతూ ఉంటుంది. బయటికి ఏమీ కనబడదు. ఒకరోజు కప్‌బోర్డు వెనక పలక ఊడి చేతికొస్తే అప్పుడు తెలుస్తుంది. ఇంటివాళ్ల నిర్లక్ష్యం ఏమీ లేదు, కానీ నీళ్లు వారాలుగా ఊరాయి. ఇది పగలడమా, ఊటా?

అమెరికాలో ఈ ప్రశ్న కోర్టుల దాకా వెళ్లింది. అక్కడి ఇళ్ల పాలసీలు చాలావరకు మన వాటికి తిరగేసి ఉంటాయి. మినహాయించినవి తప్ప భవనానికి వచ్చిన ఏ నష్టానికైనా డబ్బిస్తామంటాయి. మినహాయింపు వర్తిస్తుందని నిరూపించాల్సింది కంపెనీయే. నీళ్ల విషయంలో అకస్మాత్తుగా బయటికొచ్చిన నీటికి ఇస్తామని, వారాలు, నెలలు, ఏళ్ల తరబడి ఊరిన నీటికి ఇవ్వమని రాసుకుంటాయి. కొన్ని పాలసీలు ఆ గీతను రోజుల్లోనే గీశాయి: 14 రోజులు, అంతకు మించి.

ఫ్లోరిడాలో ఒకాయన ఇంట్లో ఫ్రిజ్‌కు నీళ్లు తెచ్చే సన్నటి పైపు వెనకవైపు కారింది. ఐదు వారాలకు పైగానే కారి ఉంటుందని కంపెనీ నిపుణుడు తేల్చాడు. 14 రోజులు దాటింది కాబట్టి పైసా ఇవ్వమంది కంపెనీ. ఇంటాయన తరఫు వాదన చిన్నదే, కానీ పదునైనది. పద్నాలుగో రోజు నుంచి జరిగిన నష్టాన్ని మీరు మినహాయించుకున్నారు సరే, మొదటి 13 రోజుల నష్టం ఇవ్వబోమని ఎక్కడ రాశారు? 2018లో ఫ్లోరిడా ఐదో జిల్లా అప్పీళ్ల కోర్టు ఆయన మాటే ఒప్పుకుంది. పాలసీలో మాట స్పష్టంగా లేకపోతే దాన్ని కొనుక్కున్నవాడి పక్షాన చదవాలన్నది బీమా చట్టంలో పాత సూత్రం. మన కోర్టులూ దాన్ని పాటిస్తాయి. అయితే గెలుపు గెలుపే కానీ, పదమూడో రోజుకు ఎంత పాడైంది, ముప్పయ్యో రోజుకు ఎంత పాడైంది అని ఎవరు కొలవగలరు? తీర్పు తర్వాత మిగిలే తలనొప్పి అదే.

డల్లాస్, హ్యూస్టన్ ప్రాంతాల్లో ఇళ్లున్న తెలుగువాళ్లకు ఇందులో ఇంకో మెలిక తెలిసే ఉంటుంది. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సాస్‌లో కరెంటు పోయి, పైపుల్లో నీళ్లు గడ్డకట్టి, పగిలిపోయాయి. అది అకస్మాత్తు ఘటనే. కానీ అక్కడి పాలసీలు ఇల్లు ఖాళీగా ఉంచేటప్పుడు హీటింగ్ నడుస్తూ ఉండాలని, లేదంటే మెయిన్ వాల్వు కట్టేసి పైపులు ఖాళీ చేయాలని షరతు పెడతాయి. కరెంటే లేనప్పుడు హీటింగ్ నడపలేదనడం చెల్లదు. శీతాకాలంలో ఇండియాకు వచ్చేటప్పుడు కావాలని హీటింగ్ ఆపేసి వచ్చినవాళ్లది మాత్రం వేరే కథ.

మన దగ్గరికి వస్తే, కింది ఫ్లాటు వాళ్ల గోడు కూడా ఒకటుంది. పై ఇంటి పైపు పగిలి వీళ్ల సీలింగు కూలితే, పై ఇంటాయన భారత్ గృహ రక్ష నుంచి వీళ్లకు డబ్బు రాదు. అది ఆయన ఇంటికి, ఆయన సామాన్లకు చేసిన బీమా. కింది వాళ్లకు సొంత పాలసీ ఉంటే అందులో అడగాలి. లేకపోతే పై ఇంటాయనతో తేల్చుకోవాలి. అసోసియేషన్ మీటింగుల్లో సగం గొడవలు ఈ ఒక్క ముక్క తెలియకే.

పైపు పగిలిన రోజున చేయాల్సింది ముందు వాల్వు కట్టడం, తర్వాత ఫోన్‌తో వీడియో తీయడం, అదే రోజు కంపెనీకి చెప్పడం. ఆరబెట్టడం మొదలుపెట్టండి, సర్వేయర్ వచ్చేదాకా నీళ్లలోనే ఉంచక్కర్లేదు. ఆపకుండా వదిలేసిన నష్టాన్ని కంపెనీ కోసేసుకుంటుంది. ప్లంబర్ కోసి తీసిన పైపు ముక్కను చెత్తలో పారేయనివ్వకండి, తేదీ రాసి కవర్లో దాచండి. బిల్లు మీద అతను అలవాటుగా ‘లీకేజీ రిపేరు’ అని గీకిపారేస్తాడు. ఎక్కడ ఏది పగిలింది, ఏ రోజు మార్చాడు అన్నది ఉన్నదున్నట్టు రాయించుకోండి. ఆ రెండు మాటలే రేపు క్లెయిమ్‌ను పాత చెమ్మ ఖాతాలో వేయిస్తాయి.

అయినా తిరగ్గొడితే, ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. 50 లక్షల దాకా వివాదాలు వింటారు. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించాక ఏడాది లోపు మాత్రం ఫిర్యాదు చేయాలి.