వంద రూపాయల ఫోన్ నంబరు

గుంటూరులో మా బావ ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగించే వ్యాపారం చేస్తాడు. పోయిన మార్చి మొదటి వారంలో భోజనానికి వెళ్తే, విస్తరి ముందు కూర్చోకముందే ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"చూడరా, ఫేస్‌బుక్‌లో ఒక్కో లీడ్ వంద రూపాయలకే పడుతోంది. గూగుల్‌లో ఆరొందలు. పాంప్లెట్లకీ ఆరొందలే. వచ్చే నెల పాంప్లెట్లు ఆపేసి డబ్బంతా ఫేస్‌బుక్‌లోనే పెడతా."

వినడానికి బాగానే ఉంది. వంద రూపాయలకి దొరికేదాన్ని ఆరొందలు పెట్టి ఎవరు కొంటారు? కాకపోతే బావ కొంటున్నది ఏమిటన్నదే చిక్కు. లీడ్ అంటే ఫోన్ నంబరు ఇచ్చి 'వివరాలు చెప్పండి' అన్న మనిషి. అడ్వాన్స్ కట్టిన మనిషి వేరు. ఈ ఇద్దరి మధ్య దూరం ఒక్కో దారిలో ఒక్కోలా ఉంటుంది.

భోజనం అయ్యాక ల్యాప్‌టాప్ తెరిచి గూగుల్ షీట్‌లో ఫిబ్రవరి లెక్క వేశాం. లీడ్‌కి ఒక వరుస. తేదీ, ఫోన్ నంబరు, ఎక్కణ్ణించి వచ్చింది, కరెంటు సర్వీస్ నంబరు, అడ్వాన్స్ కట్టిన తేదీ, ఆర్డరు విలువ. పక్క షీట్‌లో దారికొక వరుస పెట్టి, దాని మీద ఎంత ఖర్చయిందో B గడిలో రాశాం. మిగతాదంతా ఈ ఆరు సూత్రాలు చేసుకుపోతాయి:

```
C2: =COUNTIFS(Leads!C:C,A2)
D2: =COUNTIFS(Leads!C:C,A2,Leads!E:E,"<>")
E2: =SUMIFS(Leads!F:F,Leads!C:C,A2)
F2: =IF(C2=0,"",B2/C2)
G2: =IF(D2=0,"",B2/D2)
H2: =IF(B2=0,"",E2/B2)
```

మొదటి మూడూ లెక్కపెట్టేవి: లీడ్లు ఎన్ని, అడ్వాన్సులు ఎన్ని, ఆర్డర్ల విలువ ఎంత. తర్వాతి మూడూ భాగించేవి. F లో వచ్చేది లీడ్ ఖర్చు, వ్యాపారస్తుల మాటలో సీపీఎల్. G లో వచ్చేది ఒక కస్టమర్ని తెచ్చుకోవడానికి అయిన ఖర్చు, సీపీఏ. H లోది ప్రకటన మీద పెట్టిన ప్రతి రూపాయికీ ఎన్ని రూపాయల అమ్మకం వచ్చిందన్నది. దాన్ని రోయాస్ అంటున్నారు.

తొలిసారి వేసినప్పుడు ఫేస్‌బుక్ లీడ్లు 371 చూపించింది. బావ ఫోన్‌లో 400 ఉన్నాయి. షీటు తప్పా, ఫోన్ తప్పా అని చాలాసేపు కొట్టుకున్నాం. చివరికి తేలిందేమంటే, టెలికాలర్ అమ్మాయి కొన్నిచోట్ల 'ఫేస్‌బుక్' అని, కొన్నిచోట్ల 'ఎఫ్‌బీ' అని, ఇంకొన్నిచోట్ల పేరు చివర ఒక ఖాళీ వదిలి కొట్టింది. మన కంటికి ఆ ఖాళీ ఆనదు, షీటుకి మాత్రం అది వేరే పేరే. ఆ గడిలో టైప్ చేయడానికి వీల్లేకుండా నాలుగు పేర్ల డ్రాప్‌డౌన్ పెట్టేశాం. కింద ఒక కాపలా గడి కూడా పెట్టాం: నాలుగు దారుల లీడ్ల మొత్తం, అసలు షీట్లోని వరుసల సంఖ్య ఒకటి కాకపోతే అది ఎర్రబడుతుంది.

ఇక అంకెలు. ఫేస్‌బుక్ మీద 40,000 ఖర్చు, 400 లీడ్లు, నలుగురు కస్టమర్లు. గూగుల్ మీద 36,000 పెడితే 60 లీడ్లు, ఆరుగురు కస్టమర్లు. ఆదివారం పేపర్లో పెట్టించిన పాంప్లెట్లకి 18,000 అయితే 30 ఫోన్లు వచ్చాయి, ఇద్దరు కట్టారు. నాలుగోది పాత కస్టమర్ల సిఫార్సు. పని పూర్తయ్యాక చెప్పినవాళ్లకి 2,000 ఇస్తాడు బావ. 12 మంది వస్తే అయిదుగురు కట్టారు.

సీపీఎల్ ప్రకారం ఫేస్‌బుక్కే రాజు, వంద రూపాయలు. సీపీఏ గడి చూడండి: ఫేస్‌బుక్ 10,000, పాంప్లెట్ 9,000, గూగుల్ 6,000, సిఫార్సు 2,000. మొదటి గడిలో అన్నిటికంటే చవకైనది రెండో గడికి వచ్చేసరికి అన్నిటికంటే ఖరీదైనదిగా మారింది.

ఎందుకని టెలికాలర్ అమ్మాయినే అడిగాం. "సార్, సగం మంది ఫారం నింపినట్టే గుర్తు లేదంటారు. మిగతావాళ్లలో చాలామంది అద్దె ఇళ్లే" అంది. ఫేస్‌బుక్ ఫారంలో పేరూ నంబరూ ముందే నిండి ఉంటాయి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే చాలు. గూగుల్‌లో 'గుంటూరులో ఇంటికి సోలార్ రేటు' అని వెతికేవాడికి అప్పటికే కరెంటు బిల్లు మంట తగిలి ఉంటుంది.

దీనికి విరుగుడు చిన్నదే. ఫారంలో రెండు ప్రశ్నలు చేర్పించాం. సొంత ఇల్లేనా? నెలకి కరెంటు బిల్లు ఎంత వస్తుంది? మర్నెల లీడ్లు 400 నుంచి 150కి పడిపోయాయి. ఖర్చు అంతే కాబట్టి సీపీఎల్ 100 నుంచి 267 అయింది. ప్రకటన పెట్టే కుర్రాడు 'పెర్ఫార్మెన్స్ పడిపోయింది సార్' అని కంగారుపడ్డాడు. పడిపోయింది అద్దె ఇళ్ల వాళ్ల సంఖ్య. ఆ కుర్రాడి జీతం సీపీఎల్‌ని బట్టి ఉంటే ఆ ప్రశ్నలు ఎప్పటికీ ఫారంలోకి వచ్చేవి కావు. ఏ అంకెను బట్టి మెచ్చుకుంటామో ఆ అంకెనే మనవాళ్లు బాగు చేసి చూపిస్తారు.

రోయాస్ దగ్గర బావ మళ్లీ ఉత్సాహపడ్డాడు. మూడు కిలోవాట్ల సిస్టమ్ ధర లక్షా తొంభై వేలు. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద వచ్చే 78,000 సబ్సిడీ నేరుగా ఇంటివాళ్ల ఖాతాలో పడుతుంది కాబట్టి ఆర్డరు విలువ మొత్తం మన లెక్కలోకే వస్తుంది. ఫేస్‌బుక్ నలుగురి ఆర్డర్లూ కలిపి 7,60,000. దాన్ని 40,000తో భాగిస్తే 19. రూపాయికి పంతొమ్మిది రూపాయలు!

"ఇంకేం కావాలిరా?" అన్నాడు.

"లక్షా తొంభైలో నీకు మిగిలేదెంత బావా?"

ప్యానెళ్లు, ఇన్వర్టరు, ఇనుప స్టాండు, కూలీ అన్నీ పోను పది శాతం, పంతొమ్మిది వేలు. అంటే రోయాస్ పది ఉంటే లాభమూ లేదు, నష్టమూ లేదు. పది శాతం మిగిలే వ్యాపారానికి గీత అక్కడుంటుంది. సగానికి సగం మిగిలే బట్టల వ్యాపారానికైతే అదే గీత రెండు దగ్గర ఉంటుంది. ఎవరో యూట్యూబులో 'మా రోయాస్ ఎనిమిది' అని చెప్పుకుంటే, వాళ్ల సరుకు మీద మిగులు ఎంతో తెలియకుండా సంబరపడటానికీ ఏడవటానికీ ఏమీ లేదు.

పైగా ఆ 40,000 పూర్తి ఖర్చు కాదు. టెలికాలర్ జీతం 16,000. కాల్ లిస్టు చూస్తే మూడొంతులు, అంటే నాలుగింట మూడు పాళ్లు, ఫేస్‌బుక్ నంబర్లకే పోయింది. ఆ 12,000 కలిపితే ఒక్కో కస్టమర్‌కి 13,000. పంతొమ్మిది వేల మిగులులోంచి అది పోతే ఆరు వేలు. ఇంకా సర్వేయర్ బండి పెట్రోలు లెక్కేయలేదు. బావ ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

అయినా పాంప్లెట్లు ఆపడం మాత్రం మానలేదు. తొమ్మిది వేల సీపీఏ కళ్ల ముందుంది కదా. ఇక్కడ నేనూ ఒప్పుకున్నాను, ఇద్దరం కలిసే తప్పు చేశాం.

జూన్‌లో అదే ఫిబ్రవరి షీటు మళ్లీ తెరిచాం. కొత్త లీడ్లు ఏమీ కలపలేదు. ఫిబ్రవరిలో ఫోన్ చేసినవాళ్లలో ఆ తర్వాత ఎందరు అడ్వాన్స్ కట్టారో నింపామంతే. గూగుల్ ఆరు కాస్తా ఏడయింది. సిఫార్సు అయిదు ఆరయింది. ఫేస్‌బుక్ నాలుగు నుంచి ఏడుకి వెళ్లింది. పాంప్లెట్లు రెండు నుంచి అయిదుకి. వాటి సీపీఏ 9,000 కాదు, 3,600. డబ్బు పెట్టి వేయించిన మూడు ప్రకటనల్లోనూ అదే చవక.

సోలార్ పెట్టించుకోవడం చీర కొన్నట్టు కాదు. హైదరాబాదులో ఉన్న కొడుకుని అడగాలి, బ్యాంకు లోను చూడాలి, మే నెల బిల్లు వచ్చి గుండె గుభేలుమనాలి. పాంప్లెట్ అప్పటిదాకా ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంటుంది. ఫిబ్రవరి ఖర్చుని ఫిబ్రవరి ఆర్డర్లతో భాగించే పద్ధతిలో, మేలో వచ్చిన ఆ ముగ్గురూ మే నెల ప్రకటనల ఖాతాలో పడేవాళ్లు. అందుకే ఆర్డరు ఏ నెలలో వచ్చినా, లీడ్ పుట్టిన నెలకే జమ చేయాలి. దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది. నిన్నటి నెల ప్రకటన బాగుందో లేదో ఇవాళ తేల్చి చెప్పలేం. మూడు నెలలు నిండని వరుసని మేమిప్పుడు బూడిదరంగులో ఉంచుతున్నాం, దాన్ని చూసి ఎవరూ నిర్ణయాలు తీసుకోకుండా. ఇద్దరూ ముగ్గురూ ఉన్నచోట ఒక్క కస్టమర్ అటూ ఇటూ అయితేనే సీపీఏ వేలల్లో ఊగిపోతుంది, అదీ మర్చిపోకూడదు.

పాంప్లెట్‌కి రావలసిన పేరు గూగుల్ కొట్టేసిన సంగతి ఇంకొకటి బయటపడింది. గూగుల్ యాడ్స్‌లో సెర్చ్ టర్మ్స్ రిపోర్టు అని ఒకటుంటుంది, జనం ఏ మాటలు కొట్టి మన ప్రకటన దాకా వచ్చారో చూపిస్తుంది. ఫిబ్రవరిలో ఆదివారాల నాడు 'సోలార్' అన్న మాట కంటే బావ కంపెనీ పేరే ఎక్కువసార్లు కొట్టారు. పేరు వాళ్లకెలా తెలిసింది? పొద్దున్న పేపర్లోంచి జారిపడ్డ కాగితం మీద చూసి! మొగుడు గూగుల్లో వెతికి ఫారం నింపితే, పెళ్లాం కాగితం మీది నంబరుకి ఫోన్ చేసిన ఇళ్లూ దొరికాయి. రెండు ఫోన్ నంబర్లు కాబట్టి షీట్లో రెండు లీడ్లు. కరెంటు సర్వీస్ నంబరు రాసుకున్నది ఇందుకే. ఇంటికి అది ఒక్కటే ఉంటుంది.

ఇప్పుడు సర్వేయర్ మేడ మీద టేపు పట్టి కొలుస్తూ, మాటల్లో 'మా పేరు మొట్టమొదట ఎక్కడ చూశారండీ?' అని అడుగుతాడు. ఆ జవాబుకి షీట్లో వేరే గడి. అది ఎక్కణ్ణించి వచ్చిందన్న గడితో చాలాసార్లు కలవదు. రెండిట్లో ఏది నిజమని బావ అడుగుతాడు. రెండూ ఉంచమన్నాను. మనుషుల జ్ఞాపకం కూడా పూచీ లేనిదే, ఎప్పుడూ పెట్టని హోర్డింగు చూశామని చెప్పినవాళ్లు ఇద్దరున్నారు.

జూలైలో పాంప్లెట్లు మళ్లీ వేయించాడు. ఈసారి వాటి మీద వేరే సిమ్ తీసుకుని ఆ నంబరే వేశాం, ఎవరు కాగితం చూసి చేశారో తెలియాలని. మొదటి ఆదివారం ఎనిమిదింటికల్లా ఆ ఫోన్ మోగింది. బావ చేతులు తుడుచుకుంటూ పరుగెత్తాడు. అవతలివాడు రెండు కిలోలు స్కిన్‌లెస్ పక్కన పెట్టమన్నాడు. ఆ నంబరు ఇదివరకు ఏదో చికెన్ కొట్టుదట. ఆ రోజు వచ్చిన పదకొండు కాల్స్‌లో అయిదు చికెన్‌వే. వాటిని లీడ్స్‌లో కలపొద్దని టెలికాలర్ అమ్మాయికి గట్టిగా చెప్పాం.