మేనల్లుడి దరఖాస్తు, మేనేజరు మెమో

విజయవాడలో మందులు పంపిణీ చేసే ఒక సంస్థకు అకౌంట్స్ అసిస్టెంట్ కావాల్సి వచ్చిందనుకుందాం. ప్రకటన వెళ్లాక బ్రాంచి మేనేజరుకు అక్క నుంచి ఫోన్ వస్తుంది: "ఒరేయ్, మీ ఆఫీసు ఉద్యోగానికి మావాడు కూడా పెట్టాడు, కాస్త చూడు." ఇక ఆయన ఆలస్యం చేయకుండా మెమో రాయాలి. ఇంటర్వ్యూకు ఎవరిని పిలవాలో తేలకముందే అది పై ఆఫీసుకు చేరాలి. ఎంపిక అయిపోయాక రాస్తే దాన్ని సంజాయిషీగానే చూస్తారు.

మేనల్లుడు చట్టం లెక్కలోకి రాడు కదా అని కొందరు వాదిస్తారు. 2013 కంపెనీల చట్టం కింద బంధువుల జాబితాలో భార్యాభర్తలు, తల్లిదండ్రులు, కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు, తోబుట్టువులు కనిపిస్తారు. మేనల్లుడు, బావమరిది, వియ్యంకుడు కనిపించరు. మన ఇళ్లలో మేనల్లుడే రేపు అల్లుడైనా కావచ్చు. జాబితాలో లేడని ఊరుకుంటే, సంగతి బయటపడ్డ రోజున ఆఫీసులో ఎవరూ ఆ సెక్షన్ తిరగేసి చూడరు.

మెమో నాలుగు మాటల్లో ఉంటే చాలు:

"అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి దరఖాస్తు చేసినవారిలో మా అక్క కొడుకు ఉన్నాడు. ఈ విషయం నాకు నిన్న సాయంత్రం తెలిసింది. ప్రకటనలోని అర్హతలు నేనే రాశాను. దరఖాస్తులు ఇంకా చూడలేదు. ఈ నియామకం నుంచి తప్పుకుంటున్నాను, నా బదులు మరొకరికి అప్పగించగలరు."

ఇందులో అసలైన వాక్యం మూడోది. చాలామంది దాన్నే వదిలేస్తారు. అడిగిన అనుభవం మేనల్లుడికి కొలిచి కుట్టించినట్టు ఉందేమో హెచ్ఆర్ చూసుకోవడానికి దారి చూపేది ఆ వాక్యమే. అనుమానం వస్తే ప్రకటన మళ్లీ ఇస్తారు.

మెమో వెళ్లాల్సింది తన పై అధికారికి, హెచ్ఆర్‌కు. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు పంపితే అది సిఫారసు ఉత్తరం అయి కూర్చుంటుంది. "కుర్రాడు చురుకైనవాడే" అన్న ముక్క చేరిస్తే ఇక చెప్పనక్కర్లేదు. తన బదులు కూర్చునేవారు తన కింద పనిచేసేవారు కాకూడదు. ఏటా ఇంక్రిమెంటు రాసే మేనేజరుగారి మేనల్లుడికి తక్కువ మార్కులు వేయడానికి ఎవరికి చెయ్యి వస్తుంది? రాతపరీక్ష ప్రశ్నలుండే ఫోల్డరు కూడా ఆయన కంప్యూటర్‌లో తెరుచుకోకుండా చేయాలి.

మెమో ఇచ్చినంత మాత్రాన కుర్రాడి దరఖాస్తు చెల్లకుండా పోదు. అందరితోపాటే పరీక్ష రాస్తాడు. నెగ్గితే అతని సెలవులు, ఖర్చుల బిల్లులు, జీతం పెంపు మేనమామ సంతకంతో నడవకూడదు. అయిదుగురే ఉన్న బ్రాంచిలో ఆ ఏర్పాటు కుదరకపోతే వేరే బ్రాంచిలో ఖాళీ చూడాలి. అదీ లేకపోతే ఉద్యోగం ఇవ్వలేమని కుర్రాడికి చెప్పాల్సింది హెచ్ఆరే. అక్కకు ఫోన్ చేసి చెప్పే పని మేనేజరుది కాదు.