అదే మందు, లొంగని బొద్దింక

మన ఇళ్లలో తిరిగే బొద్దింకలు ప్రధానంగా రెండు రకాలు. డ్రైనేజీ గొట్టాల్లోంచి, బాత్‌రూం జాలీల్లోంచి వచ్చే పెద్ద ఎర్ర బొద్దింక ఒకటి. వంటింటి అల్మరా కీళ్ల సందుల్లో, ఫ్రిజ్ మోటారు వెనక, మిక్సీ అడుగున కాపురం పెట్టే చిన్న గోధుమ రంగు బొద్దింక రెండోది. ఇది సుమారు అర అంగుళం ఉంటుంది. తల వెనక రెండు నల్లటి చారలుంటాయి. దీన్ని జర్మన్ బొద్దింక అంటారు కానీ, సుమారు 2,100 ఏళ్ల క్రితం ఇది భారత్, మయన్మార్ ప్రాంతంలోనే వేరు జాతిగా రూపుదిద్దుకుందని 2024లో వెలువడిన ఒక జన్యు అధ్యయనం తేల్చింది. పెద్ద బొద్దింకను జాలీలు బిగించి చాలావరకు ఆపవచ్చు. మందులకు లొంగకుండా ఇంటివాళ్లను, పెస్ట్ కంట్రోల్ వాళ్లను ఒకేలా ఏడిపించేది ఈ చిన్నదే.

దీనిమీద మనం ఎక్కువగా వాడేది స్ప్రే. డబ్బా నొక్కగానే బొద్దింక వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటుంది కాబట్టి మందు బ్రహ్మాండంగా పనిచేస్తోందనిపిస్తుంది. కానీ స్ప్రే చంపేది తనకు తగిలినదాన్నే. ఈ బొద్దింకలు రోజులో ఎక్కువ భాగం సందుల్లోనే గడుపుతాయి. ఆడది గుడ్ల సంచిని పొట్ట చివర మోసుకు తిరుగుతూ, పిల్లలు బయటికి వచ్చే సమయం దగ్గరపడే దాకా వదలదు. ఒక్కో సంచిలో 30 నుంచి 40 గుడ్లుంటాయి. ఆ సంచి గట్టి పెంకు దాటి మందు లోపలికి పోవడం కష్టం. పైగా మామూలు స్ప్రేల్లో ఉండే పైరిత్రాయిడ్ తరగతి మందుల వాసన, తాకిడి బొద్దింకను బెదరగొడతాయి. దాంతో అది ఒక సందు వదిలి మరో సందుకు, గోడ పగుళ్లగుండా పక్క ఫ్లాట్‌కు పోతుంది.

జెల్ పనితీరు దీనికి పూర్తిగా భిన్నం. అది తిండిలో కలిపిన విషం. తిన్న బొద్దింక అక్కడికక్కడే పడిపోదు. కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో బతికి, ఆలోగా తన సందుకు తిరిగి వెళుతుంది. అక్కడే రెట్ట వేస్తుంది, అక్కడే చస్తుంది. బయటికి పెద్దగా రాని పిల్ల బొద్దింకలు పెద్దవాటి రెట్టను తింటాయి. చచ్చినవాటిని మిగతావి కొరుక్కుతింటాయి. జెల్‌ను ఎప్పుడూ చూడని బొద్దింకకు కూడా ఆ విషం ఇలా చేరుతుంది. స్ప్రే చేరలేని చోటికి మందును బొద్దింకే మోసుకెళుతుంది కాబట్టి, వంటింటి చిన్న బొద్దింకల విషయంలో జెల్‌దే పైచేయి. 2019లో అమెరికాలోని నార్త్ కరొలైనాలో ఇళ్లల్లో జరిపిన పరీక్షలో, గదంతా మందు పొగ నింపే డబ్బాలు బొద్దింకల సంఖ్యను తగ్గించలేకపోయాయి. పైగా మందు అవశేషాలను నేలమీదా గట్లమీదా వదిలాయి. అదే అధ్యయనంలో జెల్ పెట్టిన ఇళ్లలో బొద్దింకలు తగ్గాయి.

అలాగని జెల్‌కు తిరుగులేదనుకోవడానికి లేదు. ఏ మందైనా ఒక్కదాన్నే పదేపదే వాడితే దానికి లొంగని సంతతి తయారవుతుంది. ఎలా తయారవుతుందో చిన్న లెక్కతో చూద్దాం.

ఒక వంటింట్లో వెయ్యి బొద్దింకలున్నాయనుకుందాం. వాటిలో పదింటికి మాత్రం పుట్టుకతోనే మందును తట్టుకునే జన్యువు ఉంది. మందు కొట్టాక మిగతావన్నీ చచ్చాయి. ఇల్లు శుభ్రమైనట్టే కనిపిస్తుంది. మిగిలిన పదిలో ఐదు ఆడవి. ఒక్కోటి ఒక్కసారి గుడ్ల సంచి వేసినా నూట యాభై పిల్లలు. ఆడది జీవితకాలంలో ఇలాంటి సంచులు నాలుగైదు, అంతకుమించి కూడా వేస్తుంది. పిల్లలు ఎదిగి గుడ్లు పెట్టడానికి మూడు నెలలు చాలు. కొద్ది నెలల్లో సంఖ్య మళ్లీ వందల్లోకి చేరుతుంది, కానీ ఇప్పుడున్నవన్నీ మందును గెలిచిన తల్లిదండ్రుల పిల్లలు. రెండోసారి అదే మందు కొడితే చచ్చేవి కొద్దిగానే ఉంటాయి. ఇక్కడ ఏ ఒక్క బొద్దింకా మందుకు అలవాటు పడలేదు. లొంగేవి పోయి లొంగనివి మిగిలాయి, అంతే. వాటిని ఏరిపెట్టింది మన మందే.

తట్టుకోవడంలోనూ దారులున్నాయి. పైరిత్రాయిడ్ మందు నరాల్లో సంకేతాలు నడిపే సన్నని ద్వారాలను మూసుకోకుండా పట్టి ఉంచుతుంది. దాంతో నరాలు అదుపు తప్పి బొద్దింక చస్తుంది. ఆ ద్వారం ఆకారం కాస్త మారి పుట్టిన బొద్దింకల్లో మందుకు పట్టు చిక్కదు. ఇంకొన్నింటి శరీరంలో విషాన్ని విరగ్గొట్టే ఎంజైములు ఎక్కువగా తయారవుతాయి. ఈ రెండో దారి మరీ చిక్కైనది. ఆ ఎంజైములు ఒక మందునే కాక, ఆ బొద్దింక ముందెన్నడూ చూడని మరో మందును కూడా విరగ్గొట్టగలవు.

తెలుగు రైతులకు ఇది అనుభవంలో ఉన్న సంగతే. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి చేలల్లో శనగపచ్చ పురుగు మందులకు లొంగక రైతుల్ని నిలువునా ముంచింది. అప్పటికి సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్ లాంటి పైరిత్రాయిడ్లనే మళ్లీ మళ్లీ కొడుతూ వచ్చారు. ఈనాడు వంటింట్లో వాడే చాలా స్ప్రేల్లో ఉన్నది కూడా ఆ తరగతి మందే.

జెల్ విషయంలో బొద్దింక ఎంచుకున్న దారి ఇంతకంటే విచిత్రం. 1980ల్లో అమెరికాలో హైడ్రామెథిల్‌నాన్ అనే మందు కలిపిన ఎర బాగా అమ్ముడుపోయింది. కొన్నాళ్లకు ఫ్లోరిడాలోని ఒక అపార్ట్‌మెంట్‌లో ఎర పెట్టినా బొద్దింకలు తగ్గలేదు. ఎర తయారీ సంస్థలోనే పనిచేస్తున్న జూల్స్ సిల్వర్‌మన్ అనే శాస్త్రవేత్త వాటిని పట్టి ప్రయోగశాలకు తెచ్చాడు. విషాన్ని తట్టుకునే శక్తి వాటికి లేదు. అసలవి ఎరను ముట్టుకోవడమే మానేశాయి. ఎరలోని ఒక్కో పదార్థాన్నీ విడిగా పెట్టి చూస్తే, అవి తప్పుకుపోతున్నది విషం నుంచి కాదని, తీపి కోసం కలిపిన గ్లూకోజు నుంచని తేలింది. ఎర మొహం చూడని, ప్రయోగశాలలో పుట్టిన పిల్లలు కూడా గ్లూకోజును వదిలేశాయి. అంటే అది నేర్చుకున్న జాగ్రత్త కాదు, వంశపారంపర్యంగా వచ్చిన గుణం. 1993లో సిల్వర్‌మన్ ఈ సంగతి ప్రచురించాడు.

దాని వెనక కారణం 2013లో బయటపడింది. ఆయనే మరో ఇద్దరు శాస్త్రవేత్తలతో కలిసి ఈ బొద్దింకల రుచి నరాలను పరీక్షించాడు. మామూలు బొద్దింకలో గ్లూకోజు తీపిని పసిగట్టే నరాన్ని కదిలిస్తుంది. వీటిలో అది చేదును పసిగట్టే నరాన్ని కూడా కదిలిస్తోంది. గ్లూకోజు వాటికి చేదైంది! తీపి ఎర తిన్నవి చచ్చాయి, చేదుగా తోచి ఉమ్మేసినవి బతికి పిల్లల్ని కన్నాయి. ఆ తర్వాత ఎరల్లో గ్లూకోజుకు బదులు వేరే చక్కెరలు వాడటం మొదలైంది.

కాబట్టి జెల్ విఫలమైందంటే, ఎందుకు విఫలమైందో ముందు చూడాలి. పెట్టిన చుక్కలు తరగకుండా, పక్కనే బొద్దింకలు తిరుగుతుంటే ఎర వాటికి నచ్చలేదన్నమాట. అయితే ఆ నింద బొద్దింకమీద వేసే ముందు రెండు సంగతులు సరిచూసుకోవాలి. గట్టుమీద ఎంగిలి గిన్నెలు, పొయ్యి కింద నూనె జిడ్డు ఉంటే దానికి జెల్ అవసరమే ఉండదు. జెల్‌మీద గానీ పక్కన గానీ స్ప్రే కొట్టి ఉంటే ఆ బెదురుకు దగ్గరికే రాదు. జెల్, స్ప్రే రెండూ ఒకేచోట వాడటం జెల్ డబ్బును నీళ్లపాలు చేసుకోవడమే. ఇక చుక్కలు తినేస్తున్నా రెండు మూడు వారాలకు సంఖ్య తగ్గకపోతే విషాన్ని తట్టుకునే సంతతి ఉండవచ్చు, లేదా పక్క ఫ్లాట్ నుంచి కొత్తవి వస్తుండవచ్చు. సంఖ్యను కంటి అంచనాతో తేల్చకుండా, మందు పెట్టే ముందు ఒకసారి, తర్వాత ఒకసారి సింకు కింద జిగురు అట్ట పెట్టి లెక్కపెట్టడం మేలు.

మందు మార్చడం గురించి అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో ప్రచురించిన అధ్యయనం కళ్లు తెరిపిస్తుంది. బొద్దింకలున్న అపార్ట్‌మెంట్లలో ఆరు నెలలపాటు మూడు పద్ధతులు పరీక్షించారు. మూడు వేర్వేరు తరగతుల మందులను నెలకొకటి చొప్పున మార్చినచోట బొద్దింకలు పెరగలేదు, అలాగని తగ్గనూ లేదు. రెండు మందులు కలిపి కొట్టినచోట పెరిగాయి. ఒకే జెల్ వాడినచోట ఫలితం మొదట్లో ఉన్న సంతతిని బట్టి మారింది. లొంగనివి దాదాపు లేనిచోట బొద్దింకలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. పదింట ఒకటి లొంగనిది ఉన్నచోట మాత్రం పెరిగాయి. ఒక్క తరంలోనే తట్టుకునే శక్తి నాలుగు నుంచి ఆరు రెట్లు పెరిగిన సందర్భాలూ కనిపించాయి. మందు మార్చడం అవసరమే కానీ, అదొక్కటే చాలదని దీన్నిబట్టి అర్థమవుతుంది. శుభ్రత, సందులు పూడ్చడం, జిగురు అట్టలు కూడా తోడుండాలి.

మార్చడమంటే బ్రాండు మార్చడం కాదు. రెండు కంపెనీల జెల్‌లోనూ ఫిప్రోనిలే ఉంటే మీరు ఏమీ మార్చనట్టే. ట్యూబుమీద చిన్న అక్షరాల్లో రాసిన రసాయనం పేరు చూడండి. మన దగ్గర జెల్స్‌లో ఎక్కువగా కనిపించేవి ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్. రెండూ నరాలమీదే పనిచేసినా దెబ్బ తగిలే చోటు వేరు కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి వాడవచ్చు. ఒక తరం మూడు నెలలు కనుక, మూడు నెలలకొకసారి తరగతి మార్చడం సబబు. స్ప్రేల్లో పేరు చివర ‘త్రిన్’ అని ఉండే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, ఇమిప్రోత్రిన్ అన్నీ ఒకే తరగతి. వీటిలో ఒకటి వదిలి మరొకటి కొంటే లాభం లేదు.

జెల్ పెట్టేటప్పుడు ఒకేచోట ముద్దగా వేయకండి. మిరియపు గింజంత చుక్కలు ఎక్కువచోట్ల పెట్టండి. కీళ్ల మూలలు, సింకు కింద, ఫ్రిజ్ వెనక, పొయ్యి వేడి తగలని సందులు సరైన చోట్లు. పిల్లలకు, పెంపుడు జంతువులకు అందకూడదు, వంట పదార్థాలకు తగలకూడదు. వారంపాటు అక్కడ తడిగుడ్డ పెట్టకండి. పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలిస్తే ఏ రసాయనం వాడారో బిల్లుమీద రాయించుకోండి. వచ్చేసారి అదే పేరు చెబితే వద్దని, వేరే తరగతి మందు తెమ్మని అడగండి.