తిరుగుపీట మీద ఇరవై ఒక్క జౌళ్ళు

నరసరావుపేటలోనైనా, మాచర్లలోనైనా, గురజాలలోనైనా ఇంటర్ మొదటి సంవత్సరం భౌతికశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ ఈ లెక్క ఎదురవుతుంది. తిరిగే పీట మీద ఒక మనిషి రెండు చేతుల్లో బరువులు పట్టుకుని చేతులు చాపి ఉంటాడు. చేతులు దగ్గరికి తీసుకుంటే పీట ఎంత వేగంగా తిరుగుతుంది? సూత్రంలో అంకెలు వేస్తే నిమిషంలో జవాబు వస్తుంది. కానీ అసలు పీట ఎక్కి తిరిగి చూస్తే, పుస్తకంలోని జవాబుకూ గడియారం చూపే జవాబుకూ పొత్తు కుదరదు. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకుంటేనే ఈ లెక్క నిజంగా అర్థమైనట్టు.

పీట కంటే ముందు పుట్టింది నియమం. 1740ల్లో స్విట్జర్లాండ్ గణితవేత్తలు డేనియల్ బెర్నూలీ, లియోనార్డ్ ఆయిలర్ ఒక సమస్య పట్టుకున్నారు. ఒక గొట్టం గుండ్రంగా తిరుగుతోంది, దానిలో ఒక గుండు ఇటూ అటూ జారగలదు. గుండు జరిగితే గొట్టం వేగం ఏమవుతుంది? చాపిన చేయిని గొట్టంగానూ, అరచేతిలోని బరువును గుండుగానూ చూస్తే మన పీట లెక్క అదే. బయటి నుంచి తిప్పే బలం లేకపోతే కోణీయ ద్రవ్యవేగం మారదన్న నియమం ఇలాంటి సమస్యల మధ్యే రూపుదిద్దుకుంది. తరగతి గదిలోకి పీట వచ్చింది చాలా కాలం తరవాత. జర్మన్ పాఠ్యపుస్తకాల్లో దానికి గాలి ప్రవాహాల శాస్త్రవేత్త లుడ్విగ్ ప్రాంటల్ పేరు పెట్టి పిలుస్తారు. 1904లో గోటింగెన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళిన ప్రాంటల్ విమానపు రెక్క మీది గాలి పొరలను వివరించినవాడిగా ప్రపంచానికి తెలుసు, కానీ బడిపిల్లలకు ఆయన మిగిల్చింది ఈ పీట.

మన ఊళ్ళలో దీనికి పూర్వీకుడు కుమ్మరి సారె. బరువంతా అంచున ఉంటుంది కాబట్టి కర్రతో ఒకసారి తిప్పి వదిలితే చాలాసేపు తిరుగుతుంది. ఒక్క తేడా ఏమిటంటే సారెలో బరువు ఉన్నచోటే ఉంటుంది, పీట మీద మనిషి మాత్రం తన బరువును లోపలికీ బయటికీ జరపగలడు.

పీట తయారీలో ముఖ్యమైనది బేరింగే. ట్రాక్టరు హబ్‌లోని బేరింగు మీద గుండ్రటి ప్లైవుడ్ బిగిస్తే మంచి పీటే అవుతుంది. నాపరాళ్ళ గచ్చు మీద పెట్టి రసమట్టంతో చూసుకోవాలి. నేల కొంచెం వాలినా మనిషి బరువు ఒక పక్కకు లాగుతుంది, ప్రతి చుట్టులోనూ వేగం హెచ్చుతగ్గులవుతుంది.

ఇప్పుడు లెక్క. అరవై కిలోల విద్యార్థి చేతికి రెండేసి కిలోల డంబెల్ పట్టుకుని, ఇరుసు నుంచి 80 సెంటీమీటర్ల దూరంలో చాపి నిలబడ్డాడు. స్నేహితుడు మెల్లగా తిప్పి వదిలాడు, నిమిషానికి 20 చుట్లు, అంటే చుట్టుకు 3 సెకన్లు. ఇప్పుడు డంబెళ్ళు 20 సెంటీమీటర్ల దూరానికి వచ్చేలా చేతులు ముడుస్తాడు. ఒంటికీ పీటకూ కలిపి జడత్వ భ్రామకం 1.5 కిలోగ్రామ్ మీటర్ స్క్వేర్ అనుకుందాం. డంబెళ్ళది 2.56 నుంచి 0.16కు పడిపోతుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, అదే పొరపాటు. మనిషి ఒక చేయి ఒంటి బరువులో సుమారు ఇరవయ్యో వంతు ఉంటుంది, అంటే ఈ విద్యార్థికి 3 కిలోలు. అది పట్టుకున్న డంబెల్ కంటే ఎక్కువ. చాపినప్పుడు రెండు చేతుల జడత్వ భ్రామకం దాదాపు 1.4, ముడిచినప్పుడు 0.3. వీటిని కలిపితే మొత్తం మొదట 5.46, తరవాత 1.96. కోణీయ ద్రవ్యవేగం మారదు కాబట్టి వేగం 2.79 రెట్లవుతుంది, నిమిషానికి సుమారు 56 చుట్లు. చేతుల జడత్వ భ్రామకం మారలేదనుకుని, వాటికి ముందూ తరవాతా 0.3 అనే వేస్తే 44 చుట్లే వస్తాయి. ఘర్షణ వేగాన్ని తగ్గిస్తుందే తప్ప పెంచదు. కాబట్టి కొలిచిన వేగం లెక్కకు మించి ఉంటే లెక్కలో చేతులను వదిలేశామని అర్థం.

శక్తి సంగతి ఇంకా ఆసక్తికరం. గతిజ శక్తి కూడా అదే 2.79 రెట్లు పెరుగుతుంది, 12 జౌళ్ళ నుంచి 33కు. అదనంగా వచ్చిన ఆ 21 జౌళ్ళు ఎవరిచ్చారు? కండరాలిచ్చాయి. తిరుగుతున్న డంబెల్‌ను దారిలో ఉంచాలంటే చేయి దాన్ని లోపలికి లాగుతూనే ఉండాలి. మొదట ఒక్కో డంబెల్‌కు ఆ లాగుడు 7 న్యూటన్లు. లోపలికి వచ్చేకొద్దీ దూరం తగ్గుతున్నా వేగం పెరుగుతుంది కాబట్టి చివరికి అది 13.6 అవుతుంది. సగటున 11 న్యూటన్ల బలంతో 60 సెంటీమీటర్లు లాగితే దాదాపు 6.7 జౌళ్ళు, రెండు డంబెళ్ళకు 13. మిగిలిన 8 జౌళ్ళు తన చేతులనే లోపలికి తెచ్చుకోవడానికి ఖర్చయ్యాయి. పీట ఎక్కినవాళ్ళు చేతులు ముడవడం చాపినంత సులువు కాదని చెబుతారు, ఆ బరువు ఇదే.

డంబెళ్ళను మాత్రమే గమనిస్తే మరో వింత కనిపిస్తుంది. మొదట అవి సెకనుకు 1.68 మీటర్ల వేగంతో వెళుతున్నాయి. చివర్లో 1.17 మీటర్లే. పీట జోరందుకుంది, డంబెళ్ళు నెమ్మదించాయి! ఎందుకంటే బయటి నుంచి వచ్చే డంబెల్, లోపలి చోటికి తగిన వేగం కంటే ఎక్కువ వేగంతో చేరుతుంది. 20 చుట్ల దగ్గర 20 సెంటీమీటర్ల చోటు సెకనుకు 42 సెంటీమీటర్లే కదులుతుంది. ఆ హెచ్చు వేగంతో డంబెల్ అరచేతిని ముందుకు నెడుతుంది, ఒళ్ళంతా దానితో పాటు తిరుగుతుంది. ఇరుసు చుట్టూ తిప్పే బలం బయటి నుంచి రాలేదు, డంబెల్ తన కోణీయ ద్రవ్యవేగాన్ని ఒంటికి అప్పగించిందంతే.

అదే డంబెళ్ళను చాపిన చేతుల నుంచి చటుక్కున వదిలేస్తే? వేగం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. పెరగదు. వదిలిన డంబెల్ తన వంతు కోణీయ ద్రవ్యవేగాన్ని తనతోనే తీసుకుని ముందుకు దూసుకెళుతుంది, ఒంటికి ఏమీ ఇవ్వదు. జడత్వ భ్రామకం తగ్గడం ఒక్కటే చాలదు, తగ్గుతూ ఉండగా ఆ బరువు మనల్ని నెట్టాలి. ఎదుట మనుషులుంటే మాత్రం ఈ పరీక్ష చేయకూడదు.

ఇక ఘర్షణ. మొదట చేతులు చాపుకునే తిరిగి, వేగం ఎలా తగ్గుతుందో మొబైల్ వీడియోలో చూడాలి. 10 సెకన్లలో 20 చుట్లు 18కి వస్తే, సెకనుకు వందలో ఒక వంతు పోతోందన్నమాట. ఒక సెకనులో చేతులు ముడిచేస్తే ఆ నష్టం లెక్కకు పెద్దగా అడ్డం రాదు, పది సెకన్లు తీసుకుంటే వస్తుంది. నెమ్మదిగా లాగినా గబగబా లాగినా నియమం ప్రకారం చివరి వేగం ఒకటే కాబట్టి, తేడా వస్తే అది బేరింగుదే.

దాన్ని సరిచూసుకోవడానికి చేతులు మళ్ళీ చాపాలి. ఘర్షణ లేని పీటైతే సరిగ్గా 20 చుట్లకే వస్తుంది. 19కి వస్తే వందలో ఐదు వంతుల కోణీయ ద్రవ్యవేగం బేరింగు ద్వారా గచ్చులోకి పోయింది. చాపేటప్పుడు 21 జౌళ్ళు కండరాల్లోకి తిరిగి వస్తాయి, కానీ కండరం వాటిని దాచుకోలేదు, వేడిగా వదిలేస్తుంది. అందుకే చాపుతూ ముడుస్తూ పదిసార్లు ఆడినవాడు, పీట మొదటి వేగానికే వచ్చినా, నిజంగానే అలసిపోతాడు.